నైట్ డ్యూటీలో ఉన్న మా ఆయనకి ఏం రాయాలి, ఎప్పుడు పంపాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నెల్లూరు, వేదాయపాలెం. మా ఆయన ముత్తుకూరు అవతల ఒక ప్లాంటులో పని చేస్తాడు. ఏ షిఫ్ట్ ఉదయం 6 నుంచి 2 దాకా, బి షిఫ్ట్ 2 నుంచి రాత్రి 10 దాకా, సి షిఫ్ట్ 10 నుంచి తెల్లారి 6 దాకా. పెళ్లయి పదకొండేళ్లు. అందులో ప్రతి నెలా కొన్ని రాత్రులు ఆయన అక్కడ, నేను ఇక్కడ. ఆ రాత్రుల్లో మా మధ్య నడిచింది ఎక్కువగా రెండు మూడు వాక్యాల మెసేజీలే. కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు, మా వీధిలో వాళ్లు, మా చెల్లెలి స్నేహితురాళ్లు ఈ విషయం మీద నన్ను అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నాకు బాగా తెలిసింది సి షిఫ్ట్, అందుకే దాని గురించే ఎక్కువ రాశాను.

రాత్రంతా ఏ టైముకి పంపితే బాగుంటుంది?

మనకు గుర్తొచ్చినప్పుడు పంపితే ఆయన చేతికి అందేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. చాలా ప్లాంట్లలో పని చేసే చోటికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, తీసుకెళ్లినా చూసే వీలుండదు. కాబట్టి ఆయన ఫోన్ ముట్టుకునే టైములేవో ముందు కనుక్కోండి. మా ఆయన విషయంలో అవి మూడే. అయ్యప్పగుడి దగ్గర బస్సెక్కిన తర్వాత డ్యూటీలో దిగేదాకా ఒకటి. అర్ధరాత్రి దాటాక, సుమారు రెండు గంటలకు, టీ తాగే పది నిమిషాలు రెండోది. తెల్లారి రిలీవర్ వచ్చి చార్జ్ తీసుకున్నాక తిరుగు బస్సులో కూర్చున్నప్పుడు మూడోది.

ఈ మూడు వేళల్లో మనిషి ఒకేలా ఉండడు. బస్సెక్కినప్పుడు ఒళ్లు చురుగ్గానే ఉంటుంది, మనసు మాత్రం ఇంట్లోనే ఉంటుంది. పిల్లలు పడుకునే వేళకి బయటికి వచ్చేశానన్న దిగులు అప్పుడే ఎక్కువ. ఆ టైముకి ఇంట్లో ఏం జరుగుతోందో ఒక ముక్క రాస్తే చాలు.

"బావా, చిన్నోడు నీ చొక్కా కప్పుకొని పడుకున్నాడు. తీయబోతే ఏడుస్తా ఉండాడు. ఉండనిచ్చినా."

రెండు గంటలకు చూసే మెసేజీ వేరు. రాత్రి మూడు నుంచి అయిదు దాకా శరీరం బాగా నీరసించే వేళ. ఒంట్లో వేడి తగ్గుతుంది, కళ్లు బరువెక్కుతాయి, చదివింది రెండోసారి చదవాల్సి వస్తుంది. దానికి కాస్త ముందు అందే మెసేజీలో ఆలోచించాల్సింది ఏమీ ఉండకూడదు. ఒక చిన్న మాట, వీలైతే నవ్వొచ్చేది.

"టీ తాగినావా అని అడగను. తాగే ఉంటావు. గ్లాసు చల్లారేదాకా నన్ను తలచుకో, మళ్లీ పనిలోకి పో."

తెల్లారి బస్సులో ఉన్నప్పుడు ఆయనకు కావాల్సింది ఇంటికెళ్తే ఏముందో తెలియడం. నీళ్లు కాగాయా, గది చీకటిగా ఉందా, తినడానికి ఏముంది, ఇవే. ఇలా రాస్తే సగం అలసట బస్సులోనే దిగిపోతుంది:

"నీళ్లు పెట్టినా. కిటికీకి దుప్పటి కట్టినా. నిన్నటి పులుసు ఉంది. రా."

ఆయన టీ తాగే టైముకి నేను నిద్రలో ఉంటాను. అలారం పెట్టుకొని లేవాలా?

వద్దు. ఇంట్లో ఇద్దరి నిద్రా పాడైతే ఎవరికీ మంచిది కాదు. పడుకునే ముందే రాసి పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే Google Messages యాప్‌లో మెసేజీ టైప్ చేసి, పంపే బటన్‌ని కాసేపు నొక్కి పట్టుకుంటే టైము పెట్టుకునే వీలు వస్తుంది. 1:55 అని పెడితే అప్పుడే వెళ్తుంది. మీ ఫోన్ ఆన్‌లో ఉండాలి, సిగ్నల్ ఉండాలి, ఆ రెండూ చూసుకోండి. ఇది మామూలు ఎస్సెమ్మెస్‌గా వెళ్తే నెట్ సరిగా లేని చోట కూడా అందుతుంది.

ఇది మోసం చేసినట్టు కాదా అని ఒకమ్మాయి అడిగింది. నేను మా ఆయనకు మొదటి రోజే చెప్పేశాను, "పదింటికే రాసి పెట్టి పడుకుంటా, రెండింటికి నీ దగ్గరికి వస్తుంది" అని. తెలిసే చదువుతాడు, తెలిసే సంతోషపడతాడు. చెప్పకపోతేనే ఇబ్బంది. భార్య మేలుకొనే ఉందనుకొని ఫోన్ చేస్తాడు, ఎత్తకపోతే కంగారు పడతాడు.

"రేపు", "పొద్దున" అని రాస్తే ఆయన తప్పుగా అర్థం చేసుకుంటున్నాడు. ఎలా రాయాలి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది, ఎందుకంటే దీని దగ్గర నేనూ చాలా దెబ్బ తిన్నాను. ఒక బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకి "రేపు సాయంత్రం మా అమ్మ వాళ్లు వస్తున్నారు" అని రాశాను. ఆయన చూసింది రెండు దాటాక. ఫోన్‌లో అప్పటికే గురువారం. రేపు అంటే శుక్రవారం అనుకున్నాడు. గురువారం మధ్యాహ్నం ఒక స్నేహితుడితో కావలి వెళ్లిపోయాడు. మా అమ్మా నాన్న వచ్చి కూర్చుంటే అల్లుడు ఇంట్లో లేడు. ఎవరి తప్పూ లేదు, అయినా ఆ సాయంత్రం అందరికీ చేదుగానే గడిచింది.

మనకి రోజు మారేది నిద్రలో. ఆయనకి రోజు మారేది పని మధ్యలో. అందుకని రాత్రి మెసేజీల్లో రేపు, ఇవాళ, నిన్న అనే మాటలు నేను పూర్తిగా మానేశాను. వారం పేరు రాస్తాను, లేదంటే ఆయన చేసే పనిని బట్టి టైము చెబుతాను. "తెల్లారాక", "నువ్వొచ్చి స్నానం చేశాక", "నువ్వు నిద్రలేచాక", "మళ్లీ బస్సెక్కే ముందు". ఇవి ఎప్పుడు చదివినా ఒకటే అర్థం ఇస్తాయి.

పైగా ఇలా రాసినప్పుడు మెసేజీలో దానంతట అదే ఆప్యాయత వస్తుంది. "రేపు మధ్యాహ్నం మూడింటికి మాట్లాడదాం" అనేదానికీ, "నువ్వు లేచి, ముఖం కడుక్కొని, కాఫీ గ్లాసు పట్టుకున్నాక మాట్లాడదాం" అనేదానికీ ఎంత తేడా ఉందో చూడండి. రెండోది చదివినవాడికి తన రోజు ఎలా గడుస్తుందో భార్యకు తెలుసని అర్థమవుతుంది.

గుడ్ నైట్ చెప్పాలా, గుడ్ మార్నింగ్ చెప్పాలా?

రెండూ ఆయనకు అతకవు. పది గంటలకు పనిలోకి దిగేవాడికి గుడ్ నైట్ అంటే ఎవరికో పంపాల్సింది తనకి వచ్చినట్టుంటుంది. తెల్లారి ఏడుకి ఇంటికొచ్చి పడుకోబోయేవాడికి గుడ్ మార్నింగూ అంతే. మేం బస్సెక్కేటప్పుడు "పోయిరా బావా" అనుకుంటాం, పగలు పడుకునేటప్పుడు "చీకటి చేసినా, పడుకో" అనుకుంటాం. మీ ఇంట్లో పుట్టే మాట ఏదైనా సరే, ఆయన గడియారానికి సరిపోతే చాలు.

ఎంత పొడుగు రాయాలి?

ఫోన్ తెరవకుండానే, పైన కనపడే రెండు వరుసల్లో విషయం అయిపోవాలి. నూనె చేతులతో, చేతి తొడుగు తీసి ఒక వేలితో చూసేవాడు కిందికి జరిపి చదవలేడు.

ఇంకోటి, మెసేజీ దానంతట అది పూర్తవ్వాలి, జవాబు కోసం ఎదురుచూస్తూ వేలాడకూడదు. "నీకో విషయం చెప్పాలి" అని రాసి ఊరుకున్నారనుకోండి. ఆయన తెల్లారి దాకా ఆ విషయం ఏమిటా అని పని చేస్తూ ఆలోచిస్తాడు. మంచి విషయమైనా సరే, అప్పటిదాకా టెన్షనే. చెప్పాల్సింది అక్కడే చెప్పేయండి, లేకపోతే లేచాకే చెప్పండి.

ప్రేమగా రాయమంటే నాకు మాటలు రావు. ఏం రాయాలి?

ప్రేమ అనే మాట రాయక్కర్లేదు. ఆయన చూడలేకపోయిన ఇంటిని చూపించండి. నైట్ డ్యూటీ మనిషికి ఇల్లు రాత్రిపూట ఎలా ఉంటుందో తెలియదు. వీధిలో దీపం, పాపాయి పక్క మీద పొర్లడం, ఫ్యాను కిర్రుమనడం, ఇవన్నీ ఆయన లేనప్పుడే జరుగుతాయి. వాటిలో ఒకటి పట్టుకొని రాయండి.

తిండి గురించి రాయడం మన నెల్లూరు వాళ్లకి పుట్టుకతో వచ్చిన విద్య. అందులోనూ మన చేపల పులుసు నైట్ షిఫ్ట్ కోసమే పుట్టినట్టుంటుంది. మామిడికాయ ముక్కలు వేసి సాయంత్రం దించిన పులుసు ఆ పూటకి ఒకలాగ, రాత్రంతా ఊరి తెల్లారాక ఇంకోలాగ ఉంటుంది. అందరూ తిని పడుకున్నాక అసలు రుచి దిగేది ఆయన వచ్చే టైముకే. మా ఆయన సి షిఫ్ట్‌లో ఉన్నప్పుడు నేను కావాలని సాయంత్రం పులుసు పెట్టి, తొమ్మిదిన్నరకి ఇలా రాస్తాను:

"పులుసు దించినా. మేం తిన్నది ఇంకా ఊరని పులుసు. నీకు మిగిల్చింది అసలు పులుసు."

ఒకసారి ఈ మెసేజీ చదివి ఆయన పక్కనున్న వాళ్లకి చూపించాడట. మరుసటి వారం ముగ్గురి ఇళ్లలో సి షిఫ్ట్ రోజునే చేపలు వండారు.

పండగలు కూడా అంతే. రొట్టెల పండగ రాత్రి ఆయన డ్యూటీలో ఉంటే నేను మా చెల్లెలితో స్వర్ణాల చెరువు దగ్గరికి వెళ్లాను. ఆ జనంలో నిలబడి ఫోన్ తీసి, "ఆరోగ్య రొట్టె పట్టుకున్నా. సగం తిన్నా, సగం కొంగున కట్టినా. నువ్వొచ్చేదాకా విప్పను" అని పంపాను. తెల్లారి గుమ్మంలో చెప్పులు విప్పకముందే "ఏదీ, విప్పు" అన్నాడు.

ఏమండీ అని పిలిచేదాన్ని. మెసేజీలో మీరు అని రాస్తే దూరంగా ఉన్నట్టుందేమో?

నోటితో ఎలా పిలుస్తారో అలాగే రాయండి. మేనబావ కాబట్టి నేను బావా, నువ్వు అంటాను. మా పక్కింటి అక్క ఇరవై ఏళ్లుగా ఏమండీ అంటుంది, ఆవిడ మెసేజీలు చదివితే నాకే కళ్లు చెమరుస్తాయి. "ఏమండీ, మీరు లేరని కుక్క కూడా గేటు దగ్గరే పడుకుంది." ఆ మీరులో ఏ దూరమూ లేదు. నోటితో మీరు అనే మనిషి మెసేజీలో మాత్రం నువ్వు అంటే ఆయనకే కొత్తగా అనిపిస్తుంది.

ఫార్వర్డ్ కొటేషన్లు, గులాబీ బొమ్మలు పంపొచ్చా?

పంపకండి. అవే బొమ్మలు ఆయనకి షిఫ్ట్ గ్రూపులో రోజుకు ఇరవై వస్తాయి. మీదాన్ని కూడా వాటితో కలిపి తీసేస్తాడు.

పగలు ఆయన పడుకున్నప్పుడు ఒక మాట పంపొచ్చా?

పంపితే ఆ మాట నిద్ర లేపుతుంది. పగటి నిద్ర రాత్రి నిద్రంత గాఢంగా ఉండదు. బయట వెలుతురు, కూరగాయల బండి, కుక్కర్ కూత, వీటన్నిటి మధ్య పడే నిద్ర అది. ఫోన్ ఒక్కసారి గుర్రుమంటే చాలు, మళ్లీ పట్టడానికి గంట. కొందరు ఉద్యోగానికి వెళ్లిన చోటి నుంచి "పడుకున్నావా?" అని పంపుతారు. పడుకున్నవాడు దానికి జవాబు చెప్పాలంటే లేవాలి.

దానికి బదులు కాగితం వాడండి. నేను పిల్లల పాత నోటు పుస్తకం చింపి, మంచినీళ్ల చెంబు కింద చీటీ పెడతాను. లేచినవాడి చెయ్యి మొదట వెళ్లేది చెంబు మీదికే. "లేచినావా? దోసెపిండి ఫ్రిజ్జులో, కారం గిన్నెలో. నాలుగింటికి వచ్చేస్తా." ఈ చీటీల్ని ఆయన పారేయడు. యూనిఫాం ఉతకడానికి వేసినప్పుడు జేబులో దొరుకుతాయి, అందుకే తడిపే ముందు జేబులు చూడటం అలవాటైంది.

మరి నిజంగా అవసరం పడితే? దానికో ఏర్పాటు చేసుకోండి. ఆయన పడుకునేటప్పుడు ఫోన్‌ని Do Not Disturb లో పెట్టుకోమనండి. ఆండ్రాయిడ్‌లో దాని సెట్టింగుల్లో Repeat callers అని ఉంటుంది. అది ఆన్ చేస్తే, ఒకే నంబరు నుంచి పదిహేను నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే మోగుతుంది. మా ఒప్పందం ఏమిటంటే, ఒక్కసారి చేసి వదిలేస్తే ఏం కాలేదని, వెంటనే రెండోసారి చేస్తే లేవాలని. ఆరేళ్లలో రెండోసారి చేయాల్సి వచ్చింది ఒక్కసారే, పెద్దోడు బడిలో పడి చెయ్యి విరిగినప్పుడు. ఈ ఏర్పాటు ఉంటే ఆయన నిశ్చింతగా పడుకుంటాడు, మీ మెసేజీల మీద అత్యవసరం అనే భారమూ ఉండదు.

మెసేజీ చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. బాధగా ఉంటుంది.

నాకూ ఉండేది. ఒకరోజు ఆయనతో పాటు గేటు దాకా వెళ్లి, అక్కడి హడావిడి చూశాక తగ్గింది. టీ పది నిమిషాలే. అందులో నడక, చేతులు కడుక్కోవడం, గ్లాసు అందుకోవడం పోను ఫోన్ చూడటానికి ఒక నిమిషం. చదవడానికి ఆ నిమిషం చాలు, రాయడానికి చాలదు.

మేం ఒక గుర్తు పెట్టుకున్నాం. చదివితే ఒక చుక్క పెడతాడు, అంతే. ఒట్టి చుక్క. చుక్క వస్తే ఆయన బాగున్నాడు, చదివాడు, నవ్వాడు అని అర్థం. పొద్దున లేచి ఫోన్ చూసుకుంటే 2:11కి ఒక చుక్క కనపడుతుంది. ఆ చుక్క చూడందే నేను పాలు పొయ్యి మీద పెట్టను.

ఇంటి లెక్కలు, ఫీజులు, సరుకులు కూడా అదే మెసేజీలో అడగొచ్చా?

తెల్లవారుజామున మాత్రం అడగొద్దు. నేను ఒకసారి నాలుగింటికి మెలకువ వచ్చి, పిల్లవాడి ఫీజు ఒకేసారి కట్టేద్దామా, రెండు సార్లు కడదామా అని అడిగాను. "సరే" అని వచ్చింది. దేనికి సరే? ఒకేసారి కట్టేశాను. నెలాఖరున డబ్బులు చాలక అడిగితే ఆయనకి ఆ మెసేజీ చూసిన సంగతే గుర్తు లేదు. అబద్ధం చెప్పలేదు. ఆ వేళకి కళ్లు చదువుతాయి గానీ బుర్ర ఎక్కించుకోదు. నిర్ణయాలన్నీ లేచాకే.

బయల్దేరేటప్పుడు గొడవైంది. రాత్రి ఏం పంపాలి?

ఇది కాస్త వివరంగా చెప్పాలి, నాకు జరిగిందే చెబుతాను.

ఒక దసరా సెలవుల్లో ఊరికి వెళ్లే విషయంలో మాటా మాటా పెరిగింది. ఆయన బాక్సు తీసుకోకుండా బస్సెక్కేశాడు. పదకొండుకి నేను పొడుగ్గా ఒక మెసేజీ రాసి పంపాను. చదువుకుంటే మరీ కఠినంగా అనిపించి తీసేశాను. మెత్తగా ఇంకోటి పంపాను. అది బతిమాలినట్టుందని అదీ తీసేశాను. మూడోది కూడా అంతే. ఇక ఏమీ పంపకుండా పడుకున్నాను. రెండింటికి ఆయన ఫోన్ తెరిస్తే, మెసేజీ తీసేశారని చెప్పే వరుసలు మూడు కనపడ్డాయి. వాటిలో ఏముందో తెలియదు. ఇంట్లో ఏదో అయిందనుకున్నాడు. టీ మానేసి ఆ పది నిమిషాలూ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నేను ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. మిగిలిన నాలుగు గంటలు అదే దిగులుతో, యంత్రాల మధ్య పని చేశాడు. తెల్లారి గుమ్మంలో ఆయన ముఖం చూసి నాకు నోట మాట రాలేదు.

అప్పటి నుంచి, గొడవైన రాత్రి ఒకే ఒక్క మెసేజీ. అందులో గొడవ గురించి వాదన ఉండదు, లొంగిపోవడమూ ఉండదు. మూడు సంగతులు ఉంటాయి, కోపం ఉందన్న నిజం, ఇంట్లో అందరూ క్షేమమన్న మాట, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుంటామన్న టైము.

"కోపం ఇంకా పోలేదు బావా. పిల్లోళ్లు తిని పడుకున్నారు, నేనూ తిన్నా. నువ్వు లేచాక కూర్చొని మాట్లాడుకుందాం. జాగ్రత్తగా పని చూసుకో."

కోపం లేదని అబద్ధం రాస్తే ఆయన నమ్మడు. క్షేమం రాయకపోతే దిగులు పడతాడు. టైము చెప్పకపోతే రాత్రంతా మనసులోనే వాదించుకుంటాడు. పంపాక మళ్లీ తీయొద్దు. ముందే రెండుసార్లు చదువుకొని పంపండి.

వాయిస్ మెసేజీ పంపితే ఇంకా దగ్గరగా ఉంటుంది కదా?

ఉంటుంది, కానీ యంత్రాల హోరులో వినపడదు, నలుగురి మధ్య ఫోన్ చెవిన పెట్టుకోవడం ఆయనకి మొహమాటం. తెల్లారి బస్సుకి పంపండి. అదీ పిల్లల గొంతయితే మేలు. మా చిన్నోడు "నాన్నా, నేను లేచేసరికి వచ్చెయ్" అని చెప్పింది పదిహేను సెకన్లే. నాలుగేళ్లయినా ఆయన ఫోన్‌లో ఇంకా ఉంది.

పక్కవాళ్లు ఆయన ఫోన్‌లో చూసి ఆటపట్టిస్తారేమో?

లాక్ స్క్రీన్ మీద మెసేజీ కనపడకుండా ఆయన ఫోన్‌లో సెట్టింగ్ మార్చుకోవచ్చు. కాకపోతే అప్పుడు పైపైన చూసే వీలు పోతుంది. మేమైతే అలాగే ఉంచాం. నలుగురిలో చదవకూడని మాట ఉంటే చీటీలోకి వెళ్తుంది, చెంబు కిందికి.

మా ఆయన రైలు నడుపుతాడు. ఇవన్నీ మాకు వర్తిస్తాయా?

బిట్రగుంట నుంచి ఒక చెల్లెలు అడిగింది ఇది. లోకో పైలట్లు బండి నడుపుతున్నప్పుడు ఫోన్ ఆపేయాలి, అది రైల్వే రూలు. ఆర్టీసీ నైట్ సర్వీసు డ్రైవర్లకి, లారీ వాళ్లకి రూలు సంగతి ఎలా ఉన్నా, చక్రం చేతిలో ఉన్నవాడి ఫోన్ మోగించకూడదు. మీకు టీ టైము మెసేజీ లేదు. డ్యూటీ ఎక్కే ముందు ఒకటి, దిగాక ఒకటి. బండి ఎప్పుడు చేరుతుందో మీకు ఖచ్చితంగా తెలియదు కాబట్టి టైము మాట లేకుండా రాయండి. "దిగినావా. ఇప్పుడు నువ్వు నావాడివి" అని ఆ చెల్లెలు రాస్తుందట. ఎన్నింటికి చదివినా చెల్లుతుంది.

బైకు మీద ఇంటికొచ్చేవాళ్ల విషయంలో కూడా ఇదే జాగ్రత్త. రాత్రంతా మేలుకొన్న కళ్లతో బండి నడుపుతుంటాడు. "యాడిదాకా వచ్చినావు?" అని దారిలో అడగొద్దు. బయల్దేరకముందే, "నిద్రొస్తుంటే ఆపి ముఖం కడుక్కో. ఆలస్యమైతే ఏం కాదు, నేను ఉంటా" అని పంపి ఊరుకోండి.

రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటాడు. అక్కడ టీ టైము అంటూ ఉండదు.

అల్లూరు, ఇందుకూరుపేట, అటు కొత్తపట్నం వైపు ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. గుంటలో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారే ముందు. రాత్రంతా నీళ్లలోని నాచు, రొయ్యలు అన్నీ వాడుకుంటూనే ఉంటాయి, ఎండ వచ్చేదాకా మళ్లీ తయారవదు. అందుకని మూడు నుంచి అయిదు దాకా ఆయన కళ్లన్నీ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మీదే. కరెంట్ పోతే జనరేటర్ దగ్గరికి పరుగు. ఆ రెండు గంటలు వదిలేయండి. పదకొండు, పన్నెండు మధ్య, మేత చూసుకొని మంచం మీద కూర్చునే వేళకి పంపండి. ఎండ పొడ వచ్చాక ఇంకోటి. "పొద్దు పొడిచింది. రొయ్యలు బతికినయ్, నువ్వు పడుకో." ఈ మాట రాసింది అల్లూరు దగ్గర ఒక వదిన. ఇంతకంటే బాగా నేను రాయలేను.

షిఫ్ట్ మారిన రోజు ఏం చేయాలి?

సి నుంచి ఏ షిఫ్ట్‌కి మారిన మొదటి రెండు రోజులు మనిషి ఎటూ కాకుండా ఉంటాడు. రాత్రి నిద్ర రాదు, పగలు కళ్లు మూతపడతాయి, చిరాకు ఎక్కువ. ఆ రెండు రోజులు నేను మెసేజీలు తగ్గిస్తాను. ముందుగా పెట్టిన రెండింటి మెసేజీ ఏదైనా మిగిలిపోయిందేమో చూసి తీసేస్తాను. ఒకసారి మర్చిపోయాను, ఇద్దరం పక్కపక్కనే పడుకొని ఉండగా అర్ధరాత్రి ఆయన ఫోన్ మోగింది. చదివి, నన్ను లేపి చూపించాడు.

తెలుగులో టైప్ చేయాలా, ఇంగ్లీషు అక్షరాల్లో రాయొచ్చా?

మీకు చేతికి ఏది వస్తే అది. తెలుగు అక్షరాల్లో రాస్తే నిద్రకళ్లకి చప్పున అందుతుందని మా ఆయన అంటాడు.

ఆయన వైపు నుంచి ఎప్పుడూ ఏమీ రాదు. నేనొక్కదాన్నే రాయాలా?

రాకపోవడం వేరు, మనం అనుకున్నట్టు రాకపోవడం వేరు. మా ఆయన ప్రేమ మాటలు రాసే మనిషి కాదు. చుక్కలు పెడతాడు. రెండేళ్ల కింద కార్తీకంలో ఒక రాత్రి, మూడు నలభైకి నా ఫోన్ మోగింది. సి షిఫ్ట్ రోజుల్లో నేను సైలెంట్‌లో పెట్టడం మానేశాను కాబట్టి మెలకువ వచ్చింది.

"సముద్రం పక్క వాన మొదలైందిమే. కాసేపట్లో మనింటి మీదికొస్తది. దండెం మీద బట్టలు తీసెయ్. పాప పక్కన కిటికీ ముయ్."

లేచి కిటికీ మూసి, మిద్దె ఎక్కాను. ఆయన యూనిఫాం చొక్కాతో సహా అన్నీ తీసి భుజాన వేసుకొని మెట్లు దిగుతుంటే తూర్పు నుంచి మొదటి చినుకులు పడ్డాయి. మెట్ల మీదే నిలబడి ఒక చుక్క పెట్టి పంపాను.